డ్రాప్‌షిప్పింగా, సొంత సరుకా? ముందు చేతిలో డబ్బు చూసుకో

తమ్ముడూ, సరుకు మన దగ్గర పెట్టుకోకుండా, ఆర్డర్ వచ్చాక సప్లయర్ చేతే నేరుగా కస్టమర్‌కి పంపించే డ్రాప్‌షిప్పింగ్ చేస్తే పెట్టుబడే అక్కర్లేదని రాశావు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. నీ వీసా మీద వ్యాపారం చేయొచ్చో లేదో, పన్ను రిజిస్ట్రేషన్ కావాలో అక్కర్లేదో అధికారిక సైట్లలో చూసుకో. నేను డబ్బు సంగతే చెబుతాను, కొత్తవాళ్లకు తెలియనిది అదే.

నేను ఫోన్ స్టాండ్లతో మొదలుపెట్టాను. అమ్మకం ధర 100 అనుకో. సప్లయర్‌కి రవాణాతో కలిపి 68, కార్డు చార్జీ 3, ప్రకటనలకు 20 పోతే నాకు మిగిలింది 9. పదింటిలో ఒకటి వెనక్కొస్తే సప్లయర్ తీసుకోడు, కస్టమర్‌కి మాత్రం 100 తిరిగివ్వాలి. అంటే దాని మీద 91 నష్టం. మిగతా తొమ్మిదింటి లాభం 81. పది అమ్మి నేనే ఎదురు 10 పెట్టుకున్నాను. అమ్మకాలు చూసి మురిసిపోతూ, ఈ లెక్క నాలుగో నెలలో గానీ వేసుకోలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ డెలివరీతో తగిలింది. ఏడు రోజులన్నాడు సప్లయర్. రెండో రోజే ట్రాకింగ్ నంబర్ పంపాడు, నేను నిశ్చింతగా ఉన్నాను. తీరా చూస్తే అప్పటికి తయారైంది లేబుల్ మాత్రమే, పార్శిల్ కొరియర్ చేతికి వెళ్లింది పదకొండో రోజున. ఈలోపు కస్టమర్లు బ్యాంకులో ఫిర్యాదు చేశారు. పేమెంట్ కంపెనీ నా డబ్బు ఆపేసింది. సప్లయర్‌కి మాత్రం ఏ రోజుది ఆ రోజు కట్టాలి కదా, క్రెడిట్ కార్డు మీద కట్టాను. ఆ వడ్డీ తీర్చడానికి ఏడాది పట్టింది. అద్దె కట్టాల్సిన రోజు దగ్గర పడుతుంటే నిద్ర పట్టేది కాదు.

అందుకే సప్లయర్‌ని నమ్మేముందు నీ ఇంటికే మూడు ఆర్డర్లు పెట్టుకో, వేర్వేరు వారాల్లో. ట్రాకింగ్ నంబర్ వచ్చిన తేదీని పట్టించుకోకు, కొరియర్ మొదటి స్కాన్ తేదీ రాసుకో. మూడింటికీ మధ్య తేడా ఎక్కువుంటే వాడిని వదిలెయ్.

సొంత సరుకులో మార్జిన్ బాగుంటుంది. అదే స్టాండు 200 కొంటే ఒక్కోటి, దిగుమతి ఖర్చుతో సహా, 40కి పడింది. రవాణా, ప్యాకింగ్ 14, కార్డు చార్జీ, ప్రకటనలు 23 తీసేస్తే 23 మిగిలింది. రెండు మూడు రోజుల్లో చేరుతుంది, బాగున్నది వెనక్కొస్తే మళ్లీ అమ్ముకోవచ్చు. కానీ ముందే 8000 దిగబడిపోతుంది. నాకు 140 అమ్ముడుపోయాయి, లాభం 3220. మిగిలిన 60 అలాగే పడి ఉన్నాయి, అంటే 2400 ఇరుక్కుపోయింది. అమ్ముడుపోని సరుకు కూడా అప్పులాంటిదే తమ్ముడూ.

నేను నిలబడింది ఇలా. కొత్త వస్తువుని డ్రాప్‌షిప్పింగ్‌లో పరీక్షించడం, ఆరు వారాలు నిలకడగా అమ్ముడైనదాన్ని మాత్రమే సరుకుగా కొనడం. ఆరు నెలల అద్దె పక్కన పెట్టాక మిగిలిన డబ్బుతోనే కొను. రోజుకి రెండు అమ్ముడై, సరుకు రావడానికి 15 రోజులు పడితే 30 కావాలి, ఆలస్యానికి ఇంకో 10. గూట్లో 40 మిగలగానే మళ్లీ ఆర్డర్ పెట్టు.