పసుపు మరకలకు ఏ బ్లీచ్ వాడాలి?

ప్రశ్న: పెళ్లిలో నా లేత నీలం కాటన్ కుర్తా మీద, జరీ పట్టుచీర మీద పసుపు పడింది. కుర్తాకు సబ్బు పెడితే మరక ఎర్రగా మారింది. ఇంట్లో మామూలు ద్రవ బ్లీచ్ ఉంది, రంగు బట్టలకు మంచిదంటూ అమ్మే ఆక్సిజన్ బ్లీచ్ పొడి కూడా ఉంది. ఏది వాడాలి? పాప ఉన్ని స్వెటర్‌కూ అదే పనికొస్తుందా?

జవాబు: కుర్తాకు ఆక్సిజన్ పొడి వాడండి. చీరకూ స్వెటర్‌కూ ఆ రెండింటిలో ఏదీ వద్దు.

సబ్బులో క్షారం ఉంటుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, బాగా జాడించగానే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. కాబట్టి మరక ముదిరిందని కంగారు పడకండి. ఆక్సిజన్ పొడిలో ఉండేది సోడియం పర్‌కార్బొనేట్. నీళ్లలో కలపగానే అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, వాషింగ్ సోడాగా విడిపోతుంది. మరక రంగును విరిచేది పెరాక్సైడ్. సోడా క్షారం కాబట్టి ఈ నీళ్లలోనూ మరక మొదట ఎర్రబడుతుంది. భయపడి మధ్యలో తీసేయకండి.

మా ఇంట్లో లేత ఆకుపచ్చ కాటన్ చుడీదార్ మీద సాంబారు ఒలికినప్పుడు ముందు రంగు నిలుస్తుందో లేదో చూశాను. చిటికెడు పొడిని వేడి నీళ్లలో కరిగించి, లోపలి కుట్టు అంచుమీద రెండు చుక్కలు వేసి, పావుగంట తర్వాత తెల్ల గుడ్డతో అద్దాను. గుడ్డకు రంగు అంటలేదు, అంచు వెలవలేదు. అప్పుడు చెయ్యి పెట్టగలిగేంత వేడి ఉన్న నాలుగు లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల పొడి పూర్తిగా కరిగించి, బట్టను గంటసేపు ముంచి ఉంచాను. చల్లని నీళ్లలో ఈ పొడి చాలా మందకొడిగా పనిచేస్తుంది. ఫలితం లేదని చాలామంది అనుకునేది అందుకే. బాగా జాడించాక లేత పసుపు నీడ మిగిలింది. తడిగానే మరక ఉన్నచోట కాసేపు ఎండ తగలనిస్తే అదీ పోయింది, ఎందుకంటే పసుపు రంగు ఎండకు నిలవదు. అయితే ఎండ బట్ట రంగునూ తింటుంది, కనుక గమనిస్తూ ఉండండి. కుర్తాకు ఇనుప బటన్లో హుక్కులో ఉంటే ముంచవద్దు. తుప్పు ఉన్నచోట పెరాక్సైడ్ చర్య విపరీతంగా పెరిగి నూలు చిల్లులు పడుతుంది.

పట్టు, ఉన్ని సంగతి వేరు. పొట్లం మీద "రంగులకు సురక్షితం" అని రాసేది రంగు గురించే, పోగు గురించి కాదు. నూలు మొక్కనుంచి వచ్చింది, క్షారాన్ని తట్టుకుంటుంది. పట్టు, ఉన్ని మన జుట్టులాగే ప్రొటీన్లు. పొడిలోని సోడాకు పట్టు మెరుపు పోతుంది, ఉన్ని గరుకెక్కి గడ్డకడుతుంది. ద్రవ బ్లీచ్‌లోని సోడియం హైపోక్లోరైట్ ఇంకా ప్రమాదం. అది ప్రొటీన్ పోగును ముందు పసుపుపచ్చగా మార్చి, తర్వాత కరిగించేస్తుంది. తడిపిన ఉన్ని వేళ్లకు జిగటగా తగిలితే పోగు కరగడం మొదలైందన్నమాట. స్వెటర్ నిజంగా ఉన్నిదేనా అని అనుమానమైతే, లోపలి కుట్టునుంచి ఒక పోగు తీసి గాజు గ్లాసులో కాస్త బ్లీచ్‌లో వేసి కొన్ని గంటలు వదిలేయండి. ఉన్ని కరిగిపోతుంది, యాక్రిలిక్ అలాగే ఉంటుంది.

స్వెటర్‌ను చల్లని నీళ్లలో, ఉన్ని బట్టలకని అమ్మే ద్రవ సబ్బుతో పిండకుండా నొక్కి ఉతకండి. తెల్ల ఉన్ని, జరీ లేని తెల్ల పట్టు అయితే మందుల దుకాణంలో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక కప్పును పదిహేను కప్పుల చల్లని నీళ్లలో కలిపి అరగంట నానబెట్టవచ్చు. అందులో సోడా లేదు కాబట్టే ఇది కుదురుతుంది. రంగు పట్టుకు, ముఖ్యంగా జరీకి, అది కూడా వద్దు. మీ చీరను రుద్దకుండా, నీళ్లు తగలనివ్వకుండా డ్రైక్లీనింగ్‌కు ఇచ్చి, అది పసుపు మరక అని తప్పకుండా చెప్పండి.

మామూలు బ్లీచ్‌ను తెల్లని అచ్చ నూలు బట్టలకే ఉంచుకోండి. నాలుగు లీటర్ల చల్లని నీళ్లకు పావు కప్పు, ఐదు నిమిషాలు, అంతే. ఎక్కువసేపు ఉంచితే నూలు కూడా బలహీనపడి చిరుగుతుంది. చేతులకు తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి పనిచేయండి. బాత్‌రూము కడిగే యాసిడ్, వెనిగర్, నిమ్మరసం దానికి తగిలితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్నవి కలిసినా విషవాయువులే. పాప మూత్రం తడిసిన గుడ్డలను ముందు నీళ్లతో జాడించాకే బ్లీచ్‌లో వేయండి. రెండు బ్లీచ్‌లను కలపడమూ వద్దు. పర్‌కార్బొనేట్ కలిపిన నీళ్లు మిగిలితే సీసాలో పోసి మూత బిగించకండి. అందులోంచి ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, ఆ ఒత్తిడికి సీసా పగలవచ్చు. పారబోసి, మరోసారి కావాలంటే కొత్తగా కలుపుకోండి.