10లో 8 లాభాలు, అయినా డబ్బు తగ్గింది

ప్రశ్న: సార్, మాది దామలచెరువు. మామిడికాయల మండీ ఉంది. మా అబ్బాయి తిరుపతిలో ఎంబీఏ చివరి సంవత్సరం. ఏడాదిగా షేర్లు కొంటూ అమ్ముతున్నాడు. 10 షేర్లు కొంటే 8 లాభానికి అమ్మాడట. ఉద్యోగం వద్దు, 3 లక్షలిస్తే ఆప్షన్స్‌లో ఫుల్‌టైమ్ ట్రేడింగ్ చేస్తానంటున్నాడు. ఇవ్వమంటారా? వాడి స్టేట్‌మెంట్ పంపుతున్నాను.

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. కారణం మీరు పంపిన స్టేట్‌మెంట్‌లోనే ఉంది. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

ఒక్కో షేరులో 20,000 చొప్పున మొత్తం 2 లక్షలు పెట్టాడు. అమ్మిన 8 షేర్ల మీద వచ్చిన లాభం అంతా కలిపి 9,600. అమ్మని రెండింటిలో ఒకటి ఇప్పుడు 13,000 దగ్గర, ఇంకొకటి 11,000 దగ్గర ఉన్నాయి. అంటే వాటి మీద 16,000 పోయింది. బ్రోకరేజీ, ఇతర చార్జీలు కలపకుండానే నికరంగా 6,400 నష్టం. తను చెప్పింది అబద్ధం కాదు, కానీ అమ్మినవి మాత్రమే లెక్కపెట్టాడు.

మీ మండీలో మెత్తబడిన కాయను ఆ పూటే వచ్చిన ధరకు వదిలించుకుంటారు, గట్టి కాయను ఆపుతారు. మీ అబ్బాయి దీన్ని తిరగేశాడు. కాస్త పెరిగిన షేరును 5, 6 శాతానికే అమ్మేసి, పడిపోయినదాన్ని ‘అమ్మితే కదా నష్టం’ అంటూ పట్టుకు కూర్చున్నాడు. ఇది తనొక్కడి అలవాటు కాదు. వచ్చిన లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ దాదాపు రెట్టింపు ఉంటుందని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ పరిశోధనలు చూపించాయి. ఆ బాధను వాయిదా వేయడానికే చాలామంది నష్టాన్ని బుక్ చేయరు. అమెరికాలో ఓడియన్ అనే ఆర్థికవేత్త ఒక బ్రోకర్ దగ్గరున్న 10,000 ఖాతాలను పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించారు. లాభానికి అమ్మేసిన షేర్లు, నష్టంలో ఉంచుకున్న షేర్ల కంటే ఆ తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం ఎక్కువ రాబడి ఇచ్చాయి.

పడిన ప్రతి షేరునూ అమ్మేయాలని కాదు. కంపెనీ వ్యాపారం బాగుండి ధర మాత్రమే తగ్గితే ఆగవచ్చు. ఒక్క ప్రశ్న అడగండి: ఈ రోజు చేతిలో 11,000 నగదు ఉంటే ఇదే షేరు కొంటాడా? కొననంటే, పాత ధర మీద ఆశతోనే ఉంచుకున్నట్టు. 45 శాతం పడినది మళ్లీ కొన్న ధరకు రావాలంటే దాదాపు 82 శాతం పెరగాలి. ఆ రెండు షేర్లు ఎవరు చెప్పగా కొన్నాడో కూడా అడగండి. స్నేహితులంతా కొంటున్నారని, బాగా పెరిగాక కొన్నవైతే, ఇప్పుడు ఎందుకు ఉంచుకోవాలో చెప్పడానికి సొంత కారణం ఉండదు.

నాకు ఎక్కువ భయం వేస్తున్నది ఆప్షన్స్ మాట విన్నాకే. షేరు పడితే ఏళ్ల తరబడి ఆగవచ్చు. ఆప్షన్ అంటే ఒక షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు. కొన్న ఆప్షన్‌కు గడువు ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ దాని ధర, అంటే ప్రీమియం, కరుగుతుంది, అనుకున్నది జరగకపోతే ఎక్స్‌పైరీ నాటికి సున్నా అవుతుంది. ‘ఆగుదాం’ అనే అలవాటున్నవాళ్లకు అక్కడ పెట్టింది మొత్తం పోతుంది. ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు 1 శాతమే. 10లో 8 గెలిచాననే నమ్మకంతో దిగేవాళ్లకు తాము ఆ 93 శాతంలో ఉండమనిపిస్తుంది. కానీ నష్టాల్ని అమ్మకుండా పెడితే గెలుపు లెక్క ఎవరికైనా అలాగే పెరుగుతుంది.

ఇంకో ఆరు నెలలు తన డబ్బుతోనే, షేర్లలోనే కొనసాగించమనండి. కొన్న రోజే ఎందుకు కొన్నాడో, ఏం జరిగితే అమ్ముతాడో నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయాలి. నెలాఖరున అమ్మనివాటి విలువ కూడా కలిపి, అదే డబ్బు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో ఉంటే ఎంతయ్యేదో పక్కన రాయాలి. ఆరు నెలలు చిన్న కాలమే, అదృష్టం కూడా కలిసిరావచ్చు. కాబట్టి రాబడి కంటే, రాసుకున్న చోట నష్టానికి అమ్మగలిగాడా లేదా అన్నది చూడండి.

క్యాంపస్ ఇంటర్వ్యూలు మాత్రం వదలనివ్వకండి. మార్కెట్ మీద అంత ఇష్టం ఉంటే ఈ ఆరు నెలల్లోనే సెబీ ఏర్పాటు చేసిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం వాళ్ల రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష, అంటే సిరీస్ 15కి చదవమనండి. బ్రోకింగ్ సంస్థల రీసెర్చ్ విభాగాల్లో ఉద్యోగానికి అది పనికొస్తుంది. ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లమనండి, నష్టానికి అమ్మిన పేజీలతో సహా.