ఓడకీ ఒడ్డుకీ మధ్య

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

నీ కథ చదివాను. గూర్ఖా సుబేదారు పాత్ర బాగా వచ్చింది. కానీ మూడో పేజీకొచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, డిసెంబర్‌లో, అక్కడి తీరాన కాక్స్ బజార్ దగ్గర దిగినవాళ్లని “మన మెరైన్లు” అని రాశావు. వాళ్లు తుపాకులు పైకెత్తి, మోకాలి లోతు నీళ్లలో పరుగెత్తి, రెండు నిమిషాల్లో ఒడ్డెక్కినట్టు రాశావు. మెరైన్లంటే ఓడల మీంచి తీరం దిగి యుద్ధం చెయ్యడానికి నౌకాదళం పెట్టుకునే సొంత సైనికులు. మనకి మెరైన్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. ఆ రోజు ఓడల్లో ఉన్నది ఆర్మీ పదాతిదళం. నీళ్లు మోకాలి లోతూ కాదు. ఈ రెండు విషయాలకీ ఒకదానితో ఒకటి సంబంధం ఉంది. అసలు కథ ఆ సంబంధంలోనే ఉంది.

పాకిస్తాన్ సైనికులు బర్మా వైపు తప్పించుకోకుండా దారి మూసెయ్యాలని మనవాళ్లు అనుకున్నారు. దానికి ఆపరేషన్ బీవర్ అని పేరు పెట్టారు. హడావిడిగా ఒక గూర్ఖా బెటాలియన్ని, ఇంకొన్ని దళాలని కలకత్తాలో వర్తక నౌక ఎక్కించారు. నడిసముద్రంలో వాళ్లని ఘరియాల్, గుల్దార్ అనే ల్యాండింగ్ షిప్‌ల్లోకి, అంటే నేరుగా తీరానికి తగిలి సైనికుల్ని దించే ఓడల్లోకి మార్చారు. కొండల్లో పుట్టి పెరిగిన జవాన్లు వాళ్లు, ఈ పనికి వాళ్లకి తగిన శిక్షణ లేదు. దిగబోయే తీరాన్ని ముందుగా ఎవరూ సరిగా కొలిచి చూడలేదు. ఓడ ముక్కు ఇసుక మేటకి తగిలి ఆగింది. ర్యాంప్ దించారు. కానీ ఆ మేటకీ ఒడ్డుకీ మధ్య లోతైన కాలవ ఉంది. సామాను వీపున కట్టుకుని దిగిన మొదటివాళ్లలో కొందరు అందులో మునిగి చనిపోయారు. మిగిలినవాళ్లని తర్వాత ఊరివాళ్ల పడవల్లో ఒడ్డుకి చేర్చారు. ఒడ్డున శత్రువే లేడు. అదే రోజు, డిసెంబర్ 16న, ఢాకాలో లొంగుబాటు అయిపోయింది.

మెరైన్‌కీ ఆర్మీ సిపాయికీ ఉన్న తేడా ధైర్యంలో లేదు. ఈ మాట నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, చెబుతూనే ఉంటాను. తుపాకీ ఒకటే, కందకం తవ్వే పార ఒకటే, ఒడ్డెక్కి ఒక మైలు నడిచాక చేసే యుద్ధమూ ఒకటే. ఓడకీ ఒడ్డుకీ మధ్య ఉన్న ఆ నీళ్లు ఎవరి బాధ్యత అన్న దగ్గరే తేడా. ఆర్మీ సిపాయి దృష్టిలో ఓడ తనని యుద్ధానికి తీసుకెళ్లే బండి, యుద్ధం ఒడ్డున మొదలవుతుంది. మెరైన్‌కి ఓడలో సామాను ఎక్కించిన రోజే యుద్ధం మొదలవుతుంది.

నౌకాదళంలో ఉన్న రోజుల్లో విశాఖ నుంచి ల్యాండింగ్ షిప్‌లో నేనూ తిరిగాను. ఒడ్డుకి తగలాలంటే ఆ ఓడ అడుగు చదునుగా ఉండాలి. అందుకే కాస్త కెరటానికే అది అటూ ఇటూ పొర్లుతుంది. కింద ట్యాంక్ డెక్‌లో బండ్ల డీజిల్ వాసన, దాని మీద వాంతుల వాసన. రైల్లో వచ్చి నేరుగా ఓడెక్కిన జవాన్లు గోడలకి ఆనుకుని కూచునేవాళ్లు, తెల్లారేసరికి వాళ్ల ముఖాల్లో నెత్తురుచుక్క ఉండేది కాదు. ఆ మనిషి ర్యాంప్ దిగి వెంటనే పరుగెత్తాలి! నా మొదటి పెద్ద కథ దీనిమీదే రాశాను, మెస్‌లో అందరూ పడుకున్నాక, బల్ల మూల కూచుని. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ ఓడ భాగమంతా ఎర్ర సిరాతో కొట్టేసి “యుద్ధం త్వరగా మొదలుపెట్టండి” అని రాసి తిప్పి పంపాడు. యుద్ధం అప్పటికే మొదలైందని ఆయనకి తెలియలేదు. ఇప్పటి పోటీ కథల్లోనూ అదే జబ్బు. మొదటి పేరాలోనే తూటా పేలాలి, చివరి పేరాలో అమ్మ ఉత్తరం రావాలి. నీ కథలోనూ ఆ ఉత్తరం ఉంది. తీసెయ్.

మెరైన్లు చేసే పని నీకు తెలియాలంటే 1982లో ఫాక్లండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా చేసిన యుద్ధం చూడు. బ్రిటిష్ రాయల్ మెరైన్లు వాళ్ల నౌకాదళంలోనే భాగం. వాళ్ల 3 కమాండో బ్రిగేడ్ ఏప్రిల్‌లో తొందరగా బయల్దేరింది, దొరికిన సామాను దొరికిన ఓడలో పడేశారు. ఇల్లు మారేటప్పుడు పొయ్యి, బియ్యం లారీలో చివర ఎక్కిస్తాం కదా, దిగగానే ముందు కావాల్సింది అవే కాబట్టి. ఓడలోనూ అంతే. మొదటి గంటలో కావాల్సిన మందుగుండు అన్నిటికన్నా పైన, తలుపు దగ్గర ఉండాలి. అందుకని దారిలో అసెన్షన్ దీవి దగ్గర ఆగి, సామానంతా తీసి మళ్లీ సర్దారు. యుద్ధం ఎదురుగా పెట్టుకుని అన్ని రోజులు పెట్టెలు సర్దడమేమిటని నీకు అనిపించొచ్చు. ఆ పని చెయ్యకపోతే ఫిరంగి ఒక ఓడలో, దాని గుండ్లు ఇంకో ఓడ అడుగున ఉండేవి.

మే 21 తెల్లవారుజామున ఫాక్లండ్స్‌లోని శాన్ కార్లోస్‌లో దిగారు. మనుషుల్ని ఒడ్డుకి చేర్చే చిన్న పడవలు నడిపేదీ మెరైన్లే. వాళ్లతోపాటు ఆర్మీ పారాచూట్ బెటాలియన్లూ దిగాయి. పారా జవాన్లు ఎంత గట్టివాళ్లో తర్వాత గూస్ గ్రీన్ పోరులో లోకమంతా చూసింది. కానీ ఆ రాత్రి, చీకట్లో, ఊగుతున్న ఓడ పక్క తలుపు నుంచి ఊగుతున్న పడవలోకి దిగడం వాళ్లకి అలవాటు లేదు. ఒక జవాను జారి ఓడకీ పడవకీ మధ్య పడి, నలిగి గాయపడ్డాడు. ల్యాండింగ్ ఆలస్యమైంది. ఈ పని తెలియడం, తెలియకపోవడం అంటే ఇదీ.

జూన్ 8 సంగతి ఇంకా బాధాకరం. రెండో విడతగా వచ్చిన 5 ఇన్‌ఫంట్రీ బ్రిగేడ్ పూర్తిగా ఆర్మీది. అందులో వెల్ష్ గార్డ్స్ అనే బెటాలియన్ వాళ్లు కొద్ది నెలల ముందు వరకు లండన్‌లో రాజప్రాసాదాల కాపలా, కవాతు డ్యూటీలు చేసినవాళ్లు. సగం బెటాలియన్ బ్లఫ్ కోవ్‌లో దిగింది. మిగిలినవాళ్లు సర్ గలహాడ్ అనే ఓడలో పొద్దున్నే ఫిట్జ్‌రాయ్ చేరారు. అక్కడ ఈవెన్ సౌథ్‌బీ టెయిలర్ అనే రాయల్ మెరైన్ మేజర్ ఉన్నాడు. యుద్ధానికి కొన్నేళ్ల ముందే ఆ దీవుల్లో పనిచేస్తూ, సొంత సరదాకి తీరాలన్నీ తెరచాప పడవలో తిరిగి మ్యాపులు గీసుకున్న మనిషి. పగటిపూట, విమానాల నుంచి పెద్ద రక్షణ లేని చోట, సైనికులతో నిండిన ఓడ నిలబడి ఉండటం చూసి ఆయన హడలిపోయాడు. వెంటనే దిగిపొమ్మని అధికారుల్ని బతిమాలాడు.

వాళ్లు ఒప్పుకోలేదు. మూర్ఖులై కాదు. నేల మీద యుద్ధం చేసేవాళ్లలా ఆలోచిస్తే వాళ్ల కారణాలన్నీ సరైనవే. వాళ్లు చేరాల్సింది బ్లఫ్ కోవ్. ఇక్కడ దిగితే మధ్యలో వంతెన తెగి ఉంది, చాలా దూరం చుట్టు తిరిగి నడవాలి. సామాను ఒకచోట, మనుషులు ఒకచోట అయిపోతారు. దగ్గరున్న పడవలో మందుగుండు ఉంది, దానితో మనుషుల్ని కలిపి ఎక్కించకూడదని నియమం. తర్వాత ఖాళీ అయిన పడవకి ర్యాంప్ పాడైంది. ఇలా గంటలు గడిచాయి. మధ్యాహ్నం అర్జెంటీనా స్కైహాక్ విమానాలు వచ్చాయి. సర్ గలహాడ్ మీద 48 మంది చనిపోయారు, వాళ్లలో 32 మంది వెల్ష్ గార్డ్స్.

తీరం దగ్గర నిలబడిన ఓడ ఎంత ప్రమాదమో ఆ మేజర్‌కి ఒంట్లో తెలుసు. గార్డ్స్ అధికారులకి ఓడ అంటే తడవకుండా కూచునే చోటు. ఈ ఒక్క తేడా కోసమే కొన్ని నౌకాదళాలు తమ సొంత సైనికుల్ని పెట్టుకుంటాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది ఓడవాళ్ల వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. 1943 నవంబర్‌లో అమెరికన్లు పసిఫిక్‌లో ఒకే దీవుల వరసలోని రెండు దీవుల మీద ఒకేసారి దిగారు. తరావాలో మెరైన్లు, మాకిన్‌లో ఆర్మీ. తరావాలో సుమారు వెయ్యి మంది అమెరికన్లు చనిపోయారు, మూడున్నర రోజుల్లోపే దీవి చేతికొచ్చింది. మాకిన్‌లో శత్రువు చాలా తక్కువ. అయినా ఆర్మీ తన పద్ధతిలో ఆగి, ఫిరంగులతో కొట్టి, మళ్లీ ముందుకి కదిలింది. నేల మీద అది మంచి పద్ధతే, అక్కడ వాళ్ల ప్రాణనష్టం 66 మందే. కానీ ఒడ్డున పని అయ్యేదాకా ఓడలు అక్కడే తిరగాలి. నవంబర్ 24 వేకువన ఒక జపాన్ జలాంతర్గామి లిస్కోమ్ బే అనే చిన్న విమానవాహక నౌకని ముంచేసింది. 644 మంది పోయారు. ఆలస్యమే కారణమా కాదా అని ఇప్పటికీ వాదిస్తారు. ఓడవాళ్ల లెక్క మాత్రం మారలేదు. ఒడ్డున పోయిన ప్రాణాలకి దాదాపు పది రెట్లు సముద్రంలో చెల్లించామన్నారు. తమ గడియారం చూసి యుద్ధం చేసే సైనికుడు తమకి కావాలన్నారు.

అలాగని మెరైన్లు లేకపోతే తీరం ఎక్కలేమని అనుకోకు. 1944లో నార్మండీలో దిగిన అమెరికన్ డివిజన్లన్నీ ఆర్మీవే. నెలల తరబడి సాధన చేయించారు, తీరపు ఇసుకని రాత్రిపూట రహస్యంగా తెచ్చి పరీక్షించారు, అలలు, పోటుపాట్లు లెక్కకట్టారు. తీరిక ఉంటే ఆర్మీ నేర్చుకోగలదు. తీరిక లేనప్పుడు వెళ్లాల్సిన పని కోసమే మెరైన్లు. మనకి యుద్ధాలు ఎక్కువగా భూసరిహద్దుల మీద వచ్చాయి కాబట్టి వేరే దళం పెట్టుకోలేదు. తిరువనంతపురంలోని 91వ బ్రిగేడ్ లాంటి ఆర్మీ దళాలకే ఈ పని నేర్పుతున్నారు, విశాఖలో ఉండే జలాశ్వ లాంటి ఓడలతో. మార్కోస్ వేరు. వాళ్లు చిన్న చిన్న జట్లుగా వెళ్లే నౌకాదళ కమాండోలు, బెటాలియన్లకి బెటాలియన్లు దిగే పని వాళ్లది కాదు. ఈమధ్య ఎవరు సముద్రం గురించి రాసినా నల్ల ముసుగు వేసి ఒక మార్కోస్‌ని దించేస్తున్నారు, నువ్వూ ఆ దారిలో పోకు.

ఇప్పుడు మూడో పేజీ మళ్లీ రాయి. నీ సుబేదారుని ర్యాంప్ మీద నిలబెట్టు. ముందు వెళ్లిన కుర్రాడు అడుగు వేశాడు, తల కనిపించడం లేదు. వెనక నుంచి ఇంకా తోస్తున్నారు. సుబేదారుకి లోతు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. ఓడ కెప్టెన్ నౌకాదళం మనిషి, తను ఆర్మీ మనిషి, ఆపమని ఎవరు ఎవరికి చెప్పాలో ఇద్దరికీ స్పష్టంగా లేదు. ఆ రెండు నిమిషాలకి నాలుగు పేజీలు తీసుకో. వీపు మీద సామాను పట్టీలు తడిశాక ముడి ఎలా బిగుసుకుపోతుందో తెలియకపోతే మీ ఇంటి దగ్గర చెరువులో ఒక పాత సంచీ ముంచి విప్పి చూడు, ఒడ్డునే నిలబడి.

తర్వాత వచ్చిన ఊరి పడవలవాళ్లు నీ కథలో అసలు లేరు. ఆ తీరంలో కాలవ ఎక్కడుందో తెలిసింది వాళ్లకే. సుబేదారుని వాళ్ల పడవ ఎక్కించి ఒడ్డు చేర్చు, అక్కడ ఆపేసి నాకు పంపు.

ఇట్లు,
మీ మాస్టారు