పోయినేడాది ఉగాది పాంప్లెట్‌ను కొత్తగా మార్చేదెలా?

పోయినేడాది బాగా పనిచేసిన ఉగాది పాంప్లెట్‌ను ఈసారి మొత్తం తిరగరాయాలా?

అక్కర్లేదు, మొదటి వాక్యం, తేదీలు మార్చి, తగ్గింపు, గడువు, చిరునామా ఒకదాని తర్వాత ఒకటి వచ్చే క్రమాన్ని అలాగే ఉంచండి. చదివినవాళ్లకు గుర్తుండేది మొదటి వాక్యమే, వాళ్లను కొట్టుదాకా నడిపించేది ఆ క్రమం.

కడపలో ఒక బట్టల కొట్టు 2025లో "ఉగాదికి కొత్త చీరలు" అని మొదలుపెట్టిందనుకోండి. 2026కి "పండగలోపు జాకెట్ కుట్టి ఇవ్వాలంటే టైలర్‌కు వారం కావాలి, చీర ఇప్పుడే తీసుకోండి" అని రాస్తే తగ్గింపు పాతదే అయినా మాట కొత్తగా ఉంటుంది, గడువుకు కారణమూ దొరుకుతుంది. తేదీల విషయానికొస్తే, 2025లో ఆదివారం వచ్చిన ఉగాది 2026లో గురువారానికి మారింది, సంవత్సరం పేరూ విశ్వావసు పోయి పరాభవ వచ్చింది. ఒక్కటి పాతది మిగిలినా ఇట్టే పట్టేస్తారు. పరాభవ అంటే అవమానమనే అర్థం ఉంది కాబట్టి ఆ పేరును పెద్దక్షరాల్లో వేయకపోవడమే మేలు.

రంగులు, బొమ్మలు మారిస్తే చాలని చాలామంది అనుకుంటారు. వాట్సాప్‌లో మొదటి వాక్యం పాతదే కనబడితే, బొమ్మ ఎంత కొత్తదైనా మిగతాది చదవరు.