తూచి చూస్తే ఫ్లో మీటర్ తప్పు ఎంత?

తిరుపతిలో మా ల్యాబ్‌లో ఫ్లో మీటర్ నిమిషానికి 61.2 లీటర్లు చూపింది. 60 సెకన్లు డ్రమ్ములో పట్టి తూచితే నీళ్లు 59.64 కిలోలు. ఎర్రర్ 2.6 శాతమేనా?

కాదు, 2 శాతమే. కిలో అంటే లీటరు అని లెక్కేసినట్టున్నారు. మన ఎండలకు ట్యాంకు నీళ్లు 35 డిగ్రీలుంటే సాంద్రత లీటరుకు 0.994 కిలోలే. 59.64ను దానితో భాగిస్తే సరిగ్గా 60 లీటర్లు. మీటర్ 1.2 ఎక్కువ చూపింది. దాన్ని 60తో భాగించి వందతో గుణిస్తే +2 శాతం. భాగించాల్సింది తూకంతో వచ్చిన విలువతో, మీటర్ రీడింగ్‌తో కాదు.

అసలు టెన్షన్ స్టాప్‌వాచ్‌తోనే. చెయ్యి 0.3 సెకను అటూ ఇటూ అయితే 60 సెకన్లలో అర శాతం తేడా, 10 సెకన్లలో ఏకంగా 3 శాతం. అందుకే పెద్ద డ్రమ్ము పెట్టి ఎక్కువసేపు పట్టండి. ఖాళీ డ్రమ్మును తడిగానే తూచండి. మళ్లీ మళ్లీ చేసినా అదే +2 వస్తే తప్పు మీటర్‌దే. అంకెలు ఎగుడుదిగుడుగా వస్తుంటే ముందు మీ టైమింగ్‌ను, పంపును అనుమానించండి.