కృష్ణలంక పిల్లికి మూతి ముందున్న చేప ఎందుకు కనపడలేదు?

బ్రాడీపేట,
గుంటూరు.

చి. సౌజన్యకు,

నీ కథ నిన్న సాయంత్రం ఒకసారి, ఇవాళ పొద్దున్నే లేచి మరోసారి చదివాను. నువ్వడిగింది ఒక్కటే కాబట్టి దానికే జవాబు రాస్తున్నాను. కృష్ణలంక ఇంట్లో కరెంటు పోయిన రాత్రి కొట్టుగదిలో ఎలకను పట్టేసిన పిల్లి, మూడో పేజీకి వచ్చేసరికి మామ్మ మూతి ముందే పెట్టిన శీలావతి చేప ముక్క కనపడక తడుముకుంటుంది. ఈ రెండూ పొసగడం లేదని నీ స్నేహితురాలు అన్నదనీ, ఏది తీసేయమంటారనీ అడిగావు. ఏదీ తీయొద్దమ్మా. రెండూ ఒకే కంటి పనులు. పిల్లికి చీకట్లో చూపునిచ్చే ఏర్పాటే దగ్గరి వస్తువు పోల్చుకోనివ్వదు.

మొన్న రాత్రి మా పిల్లి చిట్టితో చూశాను. వసారాలో బల్బు ఆర్పేస్తే వీధి దీపం వెలుగు గుమ్మం దాకా కాస్త పడుతోంది. ఎండు రొయ్యకు దారం కట్టి, నాలుగు అడుగుల దూరంలో నేలమీద సర్రున లాగాను. నాకు దారం కనపడటం లేదు, రొయ్య కూడా అనుమానంగానే ఉంది. చిట్టి మాత్రం పొట్ట నేలకానించి, తోక కొస ఆడిస్తూ రొయ్య వైపే చూసింది. తర్వాత అదే రొయ్యను దాని మూతికి నాలుగు వేళ్ల దూరంలో కదలకుండా పెట్టాను. వాసన తగిలింది. తల ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది, నాలుకతో ఒట్టి గచ్చును నాకింది. అర అడుగు వెనక్కి జరిగి మళ్లీ చూసింది. వేలితో రొయ్యను కొంచెం కదిపానో లేదో, పంజా పడిపోయింది.

ఎందుకలా అంటే, ముందు చీకటి సంగతి చెప్పాలి. పిల్లి కంటిపాప పగటి ఎండలో సన్నటి నిలువు చీలిక. చీకటి పడేకొద్దీ విచ్చుకుని దాదాపు కన్నంతా పాపే అవుతుంది. ఆ రెండు స్థితుల మధ్య దాని వైశాల్యం 135 రెట్ల దాకా మారుతుంది, మన పాపకైతే సుమారు 15 రెట్లే. అలా లోపలికొచ్చిన వెలుగును కంటి వెనక ఉండే రెటీనా అనే పొర పట్టుకుంటుంది. పట్టు తప్పించుకుని వెనక్కి పోయిన దాన్ని టపీటమ్ లూసిడమ్ అనే మెరిసే పొర మళ్లీ రెటీనా మీదికే తిప్పికొడుతుంది. అంటే ఒకే వెలుగుకు రెండుసార్లు అవకాశం. పైగా మసక వెలుగులో పనిచేసే రాడ్ కణాలు పిల్లికి చాలా ఎక్కువ. వాటిలో ఎన్నో కలిసి ఒకే నరానికి కబురు అందిస్తాయి. వీటన్నిటి వల్ల మనకు కావలసిన వెలుగులో ఆరో వంతు ఉన్నా పిల్లికి సరిపోతుంది.

ఆ కలిపి పంపడంలోనే నష్టం కూడా ఉంది. పది ఇళ్ల చూరు నీళ్లు ఒకే తొట్టిలోకి మళ్లిస్తే చినుకు పడ్డా తొట్టిలో తడి కనిపిస్తుంది, ఏ కప్పు మీద పడిందో మాత్రం తెలియదు. పిల్లి చూపూ అంతే. ఏదో ఉందని తెలుస్తుంది, దాని అంచులు తెలియవు. మనం 100 అడుగుల దూరం నుంచి పోల్చుకునేదాన్ని అది 20 అడుగుల్లోకి వస్తేగాని పోల్చుకోలేదు. కదిలితే వేరు, కదలికను ఆ కన్ను వెంటనే పట్టేస్తుంది. నీ ఎలక పరిగెత్తింది, మామ్మ వేసిన ముక్క కదలకుండా పడి ఉంది.

ఇక దగ్గరి చూపు. చిన్నపిల్లలు బొమ్మను ముక్కుకు బాగా దగ్గరగా పెట్టుకుని చూడటం గమనించావా? వాళ్ల కంటి లెన్స్ మెత్తగా ఉబ్బి, అంత దగ్గరి దాన్ని కూడా స్పష్టం చేస్తుంది. పిల్లి లెన్స్ పెద్దది, దాన్ని సర్దే కండరానికి అంత బలం లేదు. అందుకే 25, 30 సెంటీమీటర్ల కంటే దగ్గరికొచ్చినది, అంటే మన జానెడు దాటీ దాటని దూరంలోది, దానికి మసకే. పట్టపగలు పాప సన్నగా ఉన్నప్పుడు ఆ మసక కొంత తగ్గుతుంది. రాత్రి పాప బాగా విచ్చుకునేసరికి, చూపు నిలిపిన దూరానికి ఇటూ అటూ ఉన్నవి ఇంకా చెదిరిపోతాయి. నీ కథలో రెండు సన్నివేశాలూ ఒకే రాత్రి జరగడం అందుకే నాకు బాగా నచ్చింది. తెలిసి రాసినా తెలియక రాసినా సరిగ్గా కుదిరింది. దీనికి తోడు గడ్డం కింద ఉన్నదానికి మూతే అడ్డం.

అంత దగ్గరలో పిల్లి కన్ను పక్కనపెట్టి ముక్కునూ మీసాలనూ నమ్ముకుంటుంది. ఎలకను నోట కరిచినప్పుడు దాని మీసాలు ముందుకు వంగి దాన్ని బుట్టలా చుట్టుకుంటాయి. తన నోట్లో ఉన్నదాని కదలిక వాటితోనే తెలుసుకుంటుంది. ఎలకను పట్టే చోట నువ్వు పంజా గురించి నాలుగు వాక్యాలు రాశావు, మీసాల ఊసే లేదు. అక్కడొక వాక్యం చేర్చు.

ఇప్పుడు మార్చాల్సినవి. కొట్టుగదికి కిటికీ లేదు, తలుపు మూసి ఉంది, “కాటుక చీకటి” అన్నావు. చుక్క వెలుగు లేని చోట పిల్లికీ ఏమీ కనపడదు. చెవులతో, మీసాలతో వెతుక్కోవాల్సిందే. “దాని కళ్లకు అంతా పట్టపగలే” అన్న వాక్యం అక్కడ నిలవదు. తలుపు ఓరగా తెరిచి ఉంచు. ఎదురింటి ఇన్వర్టర్ లైటు వెలుగు ఒక గీతలా పడితే చాలు.

రెండోది, “నిప్పు కణికల్లా వెలిగే కళ్లు”. కొవ్వొత్తి పిల్లి వెనక మూలన ఉంది, మామ్మ ఎదురుగా గుమ్మంలో నిలబడి ఉంది. అలా అయితే ఆమెకు ఆ మెరుపు కనపడదు. పిల్లి కన్ను సొంతంగా వెలగదు, పడ్డ వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. చూసేవాళ్ల కళ్ల దగ్గరే దీపం ఉండాలి. మామ్మ చేతికి టార్చ్ ఇచ్చి, చెంప దగ్గరికి ఎత్తించు. కళ్లు మెరుస్తాయి. అదే టార్చ్‌ను చాచిన చేతితో పక్కకు పట్టుకుంటే మెరుపు పోతుంది. ఇంట్లో మీ తమ్ముడికి టార్చ్ ఇచ్చి చూడు, రాసేటప్పుడు చెయ్యి ఎక్కడుండాలో తెలుస్తుంది.

చివర మామ్మ “దీనికి కళ్లు పోయాయే” అని ఏడవడం ఉంచు, ఆమె అలాగే అనుకుంటుంది. మనవరాలు మాత్రం తర్వాత తెలుసుకోవాలి కదా. నిజంగా చూపు పోయిన పిల్లి జరిపిన కుర్చీకి గుద్దుకుంటుంది. ఎండలో కూడా పాప విచ్చుకునే ఉంటుంది. ముసలి పిల్లుల్లో రక్తపోటు పెరిగి, రెటీనా ఊడి, ఒక్కసారిగా చూపు పోవడం ఉంది. అది కనిపిస్తే అదే రోజు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నీ పిల్లికి అవేవీ లేవు. గోడమీంచి తిన్నగా కిటికీ చువ్వల మధ్యలోకి దూకిందని నువ్వే రాశావు. పొద్దున పాప చీలికలా అయిందని ఒక ముక్క చేర్చావంటే మనవరాలికీ, చదివేవాళ్లకూ సందేహం తీరుతుంది.

ఆ శీలావతి ముక్కను మామ్మ వేలితో కొంచెం కదిపేలా రాయి. ఆ పేజీ ఒక్కటి ముందు ఫొటో తీసి పంపు, ఆదివారం లోపు చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి