భాషను రికార్డు చేయడం, భాషను నిలబెట్టడం: రెండు వేర్వేరు పనులు

ప్రశ్న: నేను బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేసి, అంతరించిపోతున్న భాషలను రికార్డు చేసే పనిలో స్థిరపడాలని ఉంది. ఆఖరి మనిషి పోయాక ఆ రికార్డుల వల్ల ఎవరికి ఉపయోగమని మా నాన్నగారు అడుగుతున్నారు. రికార్డు చేస్తే భాషలు నిజంగా బతుకుతాయా?

జవాబు: రికార్డు చేసినంత మాత్రాన ఏ భాషా బతకదు. అయితే రికార్డులు లేని భాషను తరువాతి తరం తిరిగి నేర్చుకోవాలనుకున్నా, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో తెలుసుకుంటే మీ నాన్నగారి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. దాన్ని ఒకే ఉదాహరణతో చెబుతాను: బ్రిటన్‌కూ ఐర్లండ్‌కూ మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపపు భాష మాంక్స్.

1901 జనగణనలో ఈ భాష వచ్చినవారు 4,419 మంది. 1931 నాటికి వారు 529 మంది. ఇది ఒక్క నిషేధపు ఉత్తర్వుతో జరిగిన పని కాదు. వ్యాపారం, కోర్టు, బడి, వేసవిలో వచ్చే పర్యాటకులు, పని వెతుక్కుంటూ వలస వెళ్లాల్సిన ఊళ్లు అన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. మాంక్స్‌తో ఒక్క పెన్నీ కూడా సంపాదించలేవన్న సామెత ఆ భాషలోనే ఉంది. తల్లిదండ్రులు తమలో తాము మాంక్స్ మాట్లాడుకుంటూ పిల్లలతో మాత్రం ఇంగ్లీషులో మాట్లాడారు. భాషను వదిలేయాలని వారెవరూ తీర్మానించుకోలేదు. ప్రతి ఇంటి లెక్కా ఆ ఇంటికి సరైనదే, కాని ఆ లెక్కలన్నీ కలిసి ఒకటి రెండు తరాల్లోనే గొలుసును తెంచేశాయి. మాంక్స్‌ను మాతృభాషగా నేర్చుకున్నవారిలో చివరివాడిగా పేరుపడిన నెడ్ మాడ్రెల్‌కు ఆ భాష దక్కింది కూడా, ఇంగ్లీషు రాని ఒక ముసలి బంధువు దగ్గర పెరగడం వల్లే. ఆమెతో మాట్లాడాలంటే ఆ పిల్లవాడికి వేరే దారి లేదు. భాష ఇంట్లో ఎందుకు నిలుస్తుందో, ఎందుకు నిలవదో దీన్నిబట్టి తెలుస్తుంది: అభిమానం ఉండటమే కాదు, అవసరం కూడా ఉండాలి. మాడ్రెల్ 1974 డిసెంబరులో మరణించాడు.

ఇక రికార్డుల సంగతి. 1948లో ఐరిష్ జానపద కమిషన్ వారు ఆ ద్వీపానికి వెళ్లి, మిగిలిన వృద్ధుల మాటలను రికార్డు చేశారు. భాషను పట్టుదలగా నేర్చుకుంటున్న స్థానిక యువకులు కొందరు కూడా ఆ వృద్ధుల దగ్గరకు వెళ్లి మాట్లాడుతూ, తమ వంతు రికార్డింగులు చేసుకున్నారు. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పాత కథలు వీటి ద్వారానే మిగిలాయి. 18వ శతాబ్దంలో వెలువడిన మాంక్స్ బైబిల్ అనువాదం పదజాలానికి పెద్ద ఆధారమైంది. అయితే ఒంటరిగా కూర్చున్న వృద్ధుణ్ణి అడిగి రాబట్టిన రికార్డులో కొన్ని సంగతులు ఉండవు. పసిబిడ్డతో ఎలా మాట్లాడతారు, ఇద్దరు కలిసి ఎలా వాదించుకుంటారు, ఒకరి మాటకు మరొకరు ఎలా అడ్డు తగులుతారు అన్నవి అందులో పడవు. తరువాత ఆ భాషలో పిల్లలను పెంచాలనుకునేవారికి కావలసినవి సరిగ్గా ఇవే. అందుకే ఇప్పటి క్షేత్రకార్యకర్తలు పదాల జాబితాలతో ఆగకుండా, నలుగురు కూర్చుని మాట్లాడుకునే సంభాషణలను, పనిచేస్తూ అనుకునే మాటలను వీడియోతో సహా సేకరిస్తారు.

మీరు ఊహించుకుంటున్నది బహుశా ఊరూరా తిరిగి మైకు పట్టుకునే పని అయి ఉంటుంది. అది ఈ వృత్తిలో చిన్న భాగం. మాట్లాడేవారి అనుమతి తీసుకోవాలి, రికార్డింగును ఎవరు ఎంతవరకు వినవచ్చో వారితోనే తేల్చుకోవాలి, కుదించని ఆడియో ఫైలుగా భద్రపరచాలి, ఆ తరువాత ELAN వంటి సాఫ్ట్‌వేర్‌లో వాక్యం వాక్యంగా రాసుకుని అనువదించాలి. ఒక గంట మాటలకు పదుల గంటల బల్లపని పడుతుంది, అదీ భాష తెలిసినవారు పక్కన కూర్చుంటేనే. ఎక్కువ ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. రికార్డింగు పోగవుతుంది, రాత వెనకబడుతుంది, అర్థం చెప్పగల వృద్ధురాలు ఈలోగా మరణిస్తుంది. ఒక సేకరణ బాగుందో లేదో తేల్చడానికి నేను చెప్పే పరీక్ష ఒక్కటే: ఆ ఫైలును సంబంధం లేని వ్యక్తి చేతికిస్తే, మాట్లాడుతున్నది ఎవరు, ఎక్కడ, ఏ విషయం గురించి, మాటలకు అర్థమేమిటి అన్నవి అతడికి తెలియాలి. తెలియకపోతే అందులో మిగిలింది శబ్దమే.

మాంక్స్ కథ మాడ్రెల్ మరణంతో ముగియలేదు. వృద్ధుల మాటలు రికార్డు చేసుకున్న ఆ స్థానిక యువకుల్లో ఒకరైన డగ్ ఫార్గర్ కూర్చిన ఇంగ్లీషు-మాంక్స్ నిఘంటువు 1979లో వచ్చింది. 2001లో మాంక్స్ మాధ్యమంలో ఒక ప్రాథమిక పాఠశాల ప్రారంభమైంది. 2009లో యునెస్కో ఈ భాషను అంతరించినదిగా చూపినప్పుడు, ఆ బడి పిల్లలు మాంక్స్‌లోనే ఉత్తరాలు రాసి అభ్యంతరం చెప్పడంతో ఆ వర్గీకరణను మార్చారు. 2011 జనగణనలో ఎంతో కొంత మాంక్స్ తెలుసునన్నవారు 1,823 మంది. కాని ఈ సంఖ్యను 1901 నాటి సంఖ్య పక్కన పెట్టి పోల్చడం పొరపాటు. ఇప్పటివారిలో దాదాపు అందరూ దాన్ని రెండో భాషగా నేర్చుకున్నవారే. వారి ఉచ్చారణలో, వాక్యాల్లో ఇంగ్లీషు నీడ ఉంటుంది, ఇంట్లో పిల్లలతో దాన్నే మాట్లాడేవారు కొద్దిమంది. వారు మాట్లాడేది మాడ్రెల్ మాట్లాడిన భాషే అని నేను అనను. అయినా నా లెక్కలో ఇది విజయమే. ఎందుకంటే పునరుద్ధరణతో వాస్తవంగా సాధించగలిగేది ఇంతే: పాత స్థితి తిరిగి రాదు, కొన్ని చోట్లలో, కొన్ని సందర్భాల్లో భాషను కోరుకుని వాడే కొత్త సమూహం ఏర్పడుతుంది.

ఈ క్రమంలో ఎవరు ఏం చేశారో చూడండి. రికార్డు చేసినవారు వేరు, దశాబ్దాల తరువాత పిల్లలకు పాఠాలు చెప్పినవారు వేరు. మీరు ఎంచుకోవలసిందీ ఇక్కడే. మొదటి పనికి ధ్వనిశాస్త్రం, వ్యాకరణ విశ్లేషణ, క్షేత్రపద్ధతులు, డేటా నిర్వహణ కావాలి. రెండో పనికి బోధన శిక్షణ, పాఠ్యసామగ్రి తయారీ, తల్లిదండ్రులతో కలిసి ఏళ్ల తరబడి నిలబడే ఓపిక కావాలి, పైగా అక్కడ నిర్ణయాలు ఆ సమాజానివి, మీవి కావు. ఏది అవసరమో భాష పరిస్థితే చెబుతుంది. ధారాళంగా మాట్లాడేవారిలో అతి చిన్నవారి వయసెంతో ముందు కనుక్కోండి. పిల్లలు ఇంకా మాట్లాడుతుంటే, బడిలోనూ ఉపాధిలోనూ ఆ భాషకు చోటు సంపాదించడమే ముఖ్యం. తాతల తరమే మిగిలి ఉంటే రికార్డింగును వాయిదా వేయకూడదు.

జీవనోపాధి గురించి కూడా చెప్పాలి. డాక్యుమెంటేషన్‌కు వచ్చే నిధులు సాధారణంగా కొద్ది సంవత్సరాల గ్రాంట్లుగా వస్తాయి, శాశ్వత ఉద్యోగాలు తక్కువ, వాటిలో చాలావాటికి పీహెచ్‌డీ కావాలి. అందువల్ల నిఘంటు నిర్మాణం, ఆర్కైవు నిర్వహణ, భాషాబోధన వంటి వాటిలో ఒకదాన్ని పక్కన నేర్చుకోమంటాను. గ్రాంటు లేని ఏళ్లలో అదే ఆదుకుంటుంది. ఎం.ఏ.కు దరఖాస్తు చేసేముందు, ఆ విభాగంలో క్షేత్రపద్ధతుల కోర్సును ఒక భాషను మాతృభాషగా మాట్లాడే వ్యక్తిని తరగతిలో కూర్చోబెట్టి నడుపుతున్నారో లేదో అడగండి. ఈలోగా మీకు తెలిసిన భాషలోనే ఇద్దరు పెద్దల పది నిమిషాల సంభాషణను వారి అనుమతితో రికార్డు చేసి, తడబాట్లతో, విరామాలతో సహా పూర్తిగా రాసి చూడండి. ఆ రాతపని విసుగనిపిస్తే రెండో దారి గురించి ఆలోచించండి. విసుగు రాకపోతే ఆ కాగితాలను మీ నాన్నగారికి చూపి, మీరు ఏ పని చేయాలనుకుంటున్నారో వాటితోనే వివరించండి.